మెయింటెనెన్స్‌కు మూడు నొక్కండి

వినుతది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న బాగేపల్లి. తండ్రి గంగప్పకు ఊరి బయట ఐదెకరాల మెట్ట ఉంది. వానలు పడ్డ ఏడు వేరుశనగ, పడని ఏడు ఏమీ లేదు. వినుత పీయూసీ దాకా చదివింది. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు బడికి పోయే ఈడు వచ్చాక ఉద్యోగంలో చేరింది. మొదట చిక్కబళ్ళాపురంలో ఒక విత్తనాల కంపెనీలో, రైతులు చేసే ఫోన్లు ఎత్తి జవాబు చెప్పే పని. ఆరేళ్ళు చేసింది. తెలుగులో అడిగిన వాళ్ళకు తెలుగులో, కన్నడంలో అడిగిన వాళ్ళకు కన్నడంలో నెమ్మదిగా చెప్పేది. ఆమె గొంతు విని, "ఆ యమ్మే కావాల" అని అడిగే రైతులుండేవారు.

ఆ కంపెనీ మూతపడ్డాక అదే ఊర్లో రవీంద్ర దగ్గర చేరింది. రవీంద్ర ఫ్యాక్టరీలకు భద్రతా పరికరాలు అమ్ముతాడు. ఇనుప రేకులను కొట్టే ప్రెస్సు మిషన్ల దగ్గర కార్మికుల వేళ్ళు నలిగిపోకుండా కాపాడే లైట్ కర్టెన్లు అతని ముఖ్యమైన సరుకు. మిషన్‌కు అటూ ఇటూ రెండు కడ్డీలు నిలబెడతారు. వాటి మధ్య కంటికి కనబడని కాంతి గీతలుంటాయి. చెయ్యి అడ్డం వస్తే మిషన్ ఆగుతుంది. వినుత పని, జిల్లాలోని చిన్న చిన్న ఫ్యాక్టరీలకు ఫోన్ చేసి, యజమానితో మాట్లాడి, రవీంద్ర వెళ్ళి కలవడానికి ఒక రోజు ఖాయం చేయడం.

మొదటి వారంలోనే ఆమెకు అర్థమైంది, యజమాని ఫోన్లో దొరకడని. దొరికేది ముందు గదిలో కూర్చున్న మనిషి. లేదంటే యంత్రం గొంతు. "సేల్స్‌కు ఒకటి నొక్కండి, అకౌంట్స్‌కు రెండు నొక్కండి" అంటూ మొదలై, చివరికి "బీప్ తర్వాత మీ సందేశం చెప్పండి" అని ముగుస్తుంది. ఇన్నేళ్ళూ తన గొంతు కోసం జనం కాచుకుని ఉండేవారు. ఇప్పుడు ఆ గొంతు వినగానే జనం ఫోన్ పెట్టేస్తున్నారు. అది ఆమెకు మింగుడు పడడానికి చాలా రోజులు పట్టింది.

చింతామణి బయట ఒక ప్రెస్సు షెడ్డు ఉంది. స్కూటర్ స్టాండ్లకు వాడే ఇనుప బిళ్ళలు, వాషర్లు కొట్టి బెంగళూరుకు పంపుతారు. నలభై మంది పనివాళ్ళు. బోర్డు మీదా, వెబ్‌సైట్లోనూ మేనేజింగ్ డైరెక్టర్ అని ఒకే పేరు, పురుషోత్తమ్. రవీంద్ర ఆ పేరు చుట్టూ ఎర్రపెన్నుతో గీత గీసి ఇచ్చాడు.

"పద్నాలుగు ప్రెస్సులుండాయంట అక్కడ. ఆ సార్‌ని పట్టుకో, చాలు" అన్నాడు.

వినుత ఆ నంబరుకు చేసి, ఆఫీసు కోసం సున్నా నొక్కింది. ఆఫీసులో ఒక అమ్మాయి ఎత్తింది.

"నమస్కార, హేళి మేడమ్" అంది కన్నడంలో, చెప్పండి అని.

వినుత తెలుగులో పురుషోత్తమ్ సార్‌ని అడగగానే ఆ అమ్మాయి కూడా తెలుగులోకి వచ్చేసింది. "సారు మీటింగ్‌లో ఉండారు మేడమ్. ఏం విషయమో మెయిల్ పంపండి."

ఆ అమ్మాయి పేరు సహన అని నాలుగో ఫోన్‌కు తెలిసింది. అది కూడా వినుత అడిగి తెలుసుకున్నది కాదు. వెనకాల ఎవరో పిలిస్తే వినబడింది. రెండు నెలల్లో వినుత ఆ నంబరుకు ఇరవై సార్లకు పైగా చేసింది. సారు మీటింగ్‌లో ఉండారు. సారు బెంగళూరికి పోయినారు. సారు ఇప్పుడే బయటికి పోయినారు. సహన ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్కసారి కూడా లైన్ కలపలేదు. ఎవరూ ఎత్తని వేళల్లో వినుత సందేశాలు వదిలింది. మొదట్లో రెండేసి నిమిషాలు మాట్లాడేది. కంపెనీ పేరు, సరుకు గొప్పతనం, ఎక్కడెక్కడ బిగించారో అన్నీ చెప్పి, ఆఖర్న తన నంబరు గబగబా చదివేది. పదకొండు సందేశాలు. ఒక్కదానికీ జవాబు లేదు.

నెలాఖరున రవీంద్ర ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ చింతామణి వాళ్ళు ఏమైనారమ్మా?"

"ఆఫీసులో అమ్మాయి ఇవ్వడం లేదు సార్."

"ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ కచేరి నుంచి అని చెప్పు. మారు మాట్లాడకుండా ఇస్తుంది. సారు లైన్లోకి వచ్చినాక మన సంగతి చెప్పుకోవచ్చు."

"అది తప్పు కదా సార్."

"వాళ్ళ పనోళ్ళ వేళ్ళు మిగిలేందుకే కదా మనం చేస్తాండేది. ఇందులో తప్పేముంది?"

ఆ మాట వినుతకు సబబుగానే తోచింది. పైగా నెల మొత్తంలో ఒక్క మీటింగూ ఖాయం చేయలేదన్న సిగ్గు ఉంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫోన్ తీసింది. గొంతు కొంచెం గట్టిపరచుకుని, కన్నడంలో, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ కచేరి నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది.

అవతల సహన కుర్చీ కిర్రుమంది. "ఒక్క నిమిషం మేడమ్, ఒక్క నిమిషం" అని పరుగెత్తిన చప్పుడు. అర నిమిషంలో ఒక మగ గొంతు వచ్చింది, వగరుస్తూ.

"చెప్పండి మేడమ్. పురుషోత్తమ్ మాట్లాడ్తాండా. మంజునాథ విషయమేనా? కాగితాలన్నీ ఇచ్చేసినాము మేడమ్. ఇంకా ఏమన్నా కావాల్నా?"

మంజునాథ ఎవరో వినుతకు తెలియదు. కానీ ఆ గొంతులోని భయం తెలిసింది. తను చెప్పవలసిన మాటలు కాగితం మీద రాసి పెట్టుకుంది. కళ్ళు వాటి మీదే ఉన్నాయి. "సార్, నేను చిక్కబళ్ళాపురం నుంచి... ప్రెస్సులకు లైట్ కర్టెన్లు..." అంది.

అవతల వగర్పు ఆగింది.

"నువ్వు ఇన్‌స్పెక్టర్ కచేరి కాదా?"

"కాదు సార్."

ఆయన ఆమెనేమీ అనలేదు. రిసీవరు బల్ల మీద పడేసినట్టున్నాడు, లైను మాత్రం తెగలేదు. తర్వాతి మాటలన్నీ వినుతకు వినబడ్డాయి. "ఎవరని అడగాల్న లేదా నీకు? కస్టమర్ల ముందర నుంచి లేచి వచ్చినా. వాళ్ళేమనుకుంటారు?" సహన ఏదో చెప్పబోయింది. "రేపటి నుంచి ఈ కుర్చీలో కూర్చోవద్దు. పో, ప్యాకింగ్‌లో పని చేసుకో."

వినుత ఫోన్ పెట్టేసింది. ఆ మధ్యాహ్నం ఇంకెవరికీ ఫోన్ చేయలేకపోయింది.

మర్నాడు అదే నంబరుకు చేస్తే ఒక ముసలి గొంతు ఎత్తింది. గేటు దగ్గరి మనిషి. సహన ఉందా అని అడిగితే, "ఆ పాప కిందికి పోయిందమ్మా, డబ్బాలు కట్టేకి" అన్నాడు. ఆ రాత్రి భర్తకు ఈ సంగతి చెప్పాలనుకుంది. చెప్పలేదు. విత్తనాల కంపెనీలో ఒకసారి ఎవరో పెద్దరైతు అబద్ధం చెప్పి తన చేత మేనేజర్‌కు లైన్ ఇప్పించుకున్నాడు. ఆ రోజు మేనేజర్ తనను అన్న మాటలు ఆమెకింకా గుర్తున్నాయి. తెలిసి తెలిసి తనూ అదే చేసింది.

శనివారం సెలవు పెట్టింది. బాగేపల్లిలో చేళూరు మీదుగా పోయే బస్సెక్కి చింతామణిలో దిగింది. ఆటోలో షెడ్డు దాకా పోయి, రోడ్డుకు ఇవతల టీ అంగడి దగ్గర నిలబడింది. లోపల ప్రెస్సులు కొడుతున్న చప్పుడు అక్కడికే వినబడుతోంది. కాళ్ళ కింద నేల ఒక్కో దెబ్బకు సన్నగా అదురుతోంది. ఇన్నాళ్ళూ ఆమె ఫోన్లో అమ్ముతున్నది ఈ చప్పుడు దగ్గర కూర్చునే మనుషుల కోసమని, ఆ మిషన్ ఒక్కటి కూడా ఇంతవరకు తను కంటితో చూడలేదని, అక్కడ నిలబడే దాకా తోచలేదు.

షిఫ్టు వదిలాక ఆడవాళ్ళు గుంపుగా బయటికి వచ్చారు. ఎవరో చూపిస్తే సహన దగ్గరికి వెళ్ళింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. అట్టపెట్టెల దుమ్ము జుట్టు మీద పేరుకుని ఉంది.

"నేను వినుతనమ్మా. చిక్కబళ్ళాపురం నుంచి ఫోన్ చేస్తాంటి కదా."

సహన ఆమె వైపు చూసింది. గొంతు గుర్తుపట్టింది. "ఇంకేం గావాల మేడమ్?"

"ఏమీ వద్దు. తప్పు చేసినాను. నీకు చెప్పి పోదామని వచ్చినా. మీ సారు దగ్గరికి వచ్చి నేనే చెప్తాను, నీ తప్పు లేదని."

"చెప్తే ఏమైతాది? మోసపోయిన దాన్ని మళ్ళా కూర్చోబెడ్తారా?" సహన గొంతు పెంచలేదు. ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడేదో అంతే మర్యాదగా ఉంది. "మీకు తెలీదు మేడమ్. ఎనిమిది నెలల కింద మంజునాథన్న చెయ్యి ప్రెస్సులో పడింది. రెండు వేళ్ళు పోయినాయి. ఆ కేసు ఇంకా నడుస్తాండాది. ఇన్‌స్పెక్టర్ అంటే సారుకు భయం. నాకూ భయమే."

వినుత షెడ్డు వైపు చూసింది.

"ఆ ప్రెస్సుకు లైట్లు బిగించి ఉండినాయి మేడమ్. మీరు అమ్మేట్లాంటివే. ఎవరో వచ్చి సారుకు నచ్చజెప్పి అమ్మిపోయినారు. లైట్లున్నాయి కదాని అన్న ధైర్యంగా చెయ్యి పెట్టినాడు. మిషన్ ఆగలేదు. అప్పట్నుంచి అట్లా సరుకు అమ్మే వాళ్ళను ఎవరినీ కలపొద్దని చెప్పినారు."

పక్కన ఆడవాళ్ళు బస్సుకు వేళైందని పిలిచారు. సహన రెండడుగులు వేసి ఆగింది.

"మీరు రెండు నెలలు ఫోన్ చేసినారు. ప్రతిసారీ సారుండారా, సారుండారా అని అడిగినారు. మిషన్ల సంగతి ఎవరు చూస్తారమ్మా అని ఒక్క దినం నన్ను అడగలేదు. అడిగింటే చెప్పింటి. సారు ఆర్డర్లు తెచ్చేది మాత్రమే చూస్తారు. షెడ్డులో ఒక బోల్టు కొనాల్నన్నా ప్రేమమ్మ చెప్పాల. సారుకు అక్క."

"ఆ యమ్మతో ఎట్ల మాట్లాడేది?"

సహన తోటి ఆడవాళ్ళ వైపు చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కనబడింది.

"ఆ రికార్డింగ్‌లో మెయింటెనెన్స్‌కు మూడు అని వస్తాది కదా. మూడు నొక్కితే షెడ్డులో మోగుతాది. ఏడు గంటలకంతా ఆ యమ్మ వచ్చేస్తాది. తొమ్మిదికి మిషన్లు మొదలైతే ఇంక ఏమీ వినబడదు. ఎత్తకపోతే మాట రికార్డు చేసి పెట్టండి. మూడోది నా కంప్యూటర్‌కు రాదు, నేరుగా ఆ యమ్మ ఫోన్‌కే పోతాది. ఎవరూ మూడు నొక్కరు, కాబట్టి వచ్చింది వచ్చినట్టు వింటాది." అని, వెళ్ళే ముందు, "మీ కోసం చెప్పలేదు మేడమ్. అన్న చెయ్యి పడిన దాంతో కలిపి ఎనిమిది పాత ప్రెస్సులు ఇంకా అట్లే నడుస్తాండాయి" అంది.

తిరుగు బస్సులో వినుత కిటికీ పక్కన కూర్చుని ఒక విషయమే ఆలోచించింది. లైట్లున్నా మిషన్ ఎందుకు ఆగలేదు? సోమవారం రవీంద్రను అడిగితే, "వాళ్ళది నాసిరకం సరుకు అయింటాది" అన్నాడు. ఆ జవాబు ఆమెకు చాలలేదు. లైట్ కర్టెన్ తయారు చేసే కంపెనీలో సాంకేతిక విభాగానికి ఫోన్ చేసి, అక్కడి ఇంజనీరును పట్టుకుని అడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పాత ప్రెస్సుల్లో పిన్ క్లచ్ ఉంటుంది. పెడల్ తొక్కాక పిన్ను పట్టుకుంటే, చక్రం ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా ఏదీ దాన్ని ఆపలేదు. కాంతి గీత తెగిందని కర్టెన్ ఎంత సంకేతం పంపినా దిగే సుత్తి దిగుతుంది. గాలి ఒత్తిడితో పనిచేసే క్లచ్ ఉన్న ప్రెస్సయితే మధ్యలో ఆగుతుంది. పిన్ క్లచ్‌కు కావలసింది తలుపు గార్డు. తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప పెడల్ పనిచేయదు, సుత్తి మళ్ళీ పైకి వచ్చేదాకా తలుపు తెరుచుకోదు.

వినుత అదంతా ఒక నోటుబుక్కులో రాసుకుంది.

మంగళవారం పొద్దున్నే, పిల్లలకు డబ్బాలు కట్టి, ఏడుంబావుకు ఇంటి మెట్ల మీద కూర్చుని ఆ నంబరుకు చేసింది. మూడు నొక్కింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. బీప్ వచ్చింది. ఈసారి ఆమె కాగితం పెట్టుకోలేదు.

"ప్రేమమ్మా, నా పేరు వినుత. చిక్కబళ్ళాపురంలో ప్రెస్సు గార్డులు అమ్మే కంపెనీలో పని చేస్తాండా. పోయిన వారం ఇన్‌స్పెక్టర్ కచేరి అని అబద్ధం చెప్పి మీ తమ్ముడికి ఫోన్ చేసింది నేనే. సహన తప్పు ఏమీ లేదు. మీ పాత ప్రెస్సులు పిన్ క్లచ్ అయితే, లైట్ కర్టెన్ వాటికి పనికి రాదు. ఇంకో దారి ఉండాది. మీకు ఇష్టమైతే ఫోన్ చేయండి." తర్వాత తన నంబరు నిదానంగా చెప్పింది. ఒక గుక్క ఊపిరి తీసుకుని మళ్ళీ ఒకసారి చెప్పింది.

బుధవారం ఫోన్ రాలేదు. గురువారం ఏడుంబావుకు మళ్ళీ మూడు నొక్కింది. రెండోసారి మోగగానే ఎత్తారు.

"ఎవరు?"

"వినుతనమ్మా. మొన్న మాట రికార్డు చేసి పెట్టినాను."

"విన్నాను. అబద్ధం చెప్పేదెందుకు, మళ్ళా ఒప్పుకునేదెందుకు?" ప్రేమమ్మ గొంతు బొంగురుగా, తొందర లేకుండా ఉంది. "మా తమ్ముడు ఆ దినమంతా అన్నం తినలేదు. నీకు తెలుసా?"

"తెలీదమ్మా. ఆ గొంతు విన్నాను. అది చాలు నాకు."

 వెనకాల ఎవరో చీపురుతో ఇనుప ముక్కలు ఊడుస్తున్న చప్పుడు.

"సరే, చెప్పు. నా దగ్గర పిన్ క్లచ్‌వి ఎనిమిది, గాలివి ఆరు. నీ లైట్లు ఎన్నింటికి బిగిస్తావు?"

రవీంద్ర అయితే పద్నాలుగు అని చెప్పమనేవాడు. వినుతకు ఆ సంగతి తెలుసు.

"ఎనిమిదింటికి అసలు బిగించనమ్మా. ఎవరు చెప్పినా మీరూ బిగించుకోవద్దు. వాటికి తలుపు గార్డు కావాల. ఆరింటికి లైట్లు పెట్టొచ్చు, కానీ ముందు మా మనిషి వచ్చి, ఒక్కో మిషన్ ఆగేకి ఎంత సేపు పడ్తాండాదో కొలవాల. దాన్ని బట్టే లైట్లు ఎంత దూరంలో నిలబెట్టాలో తెలుస్తాది. ఊరికే దగ్గరగా పెడితే, మిషన్ ఆగే లోపలే చెయ్యి లోపలికి పోతాది."

"ఇంతకు ముందు అమ్మినాయన ఇది చెప్పలేదు."

"అవునమ్మా."

"నేను మెకానికల్ డిప్లొమా చేసినదాన్ని. నాకు తెలుసుండాల. ఆ దినం ఊర్లో లేను. వచ్చేసరికి బిగించేసినారు. వచ్చినాక ఆపిచ్చుండాల్సింది, వారం చూద్దామనుకున్నా." ఆమె అక్కడితో ఆగింది.  కొంతసేపటికి ప్రేమమ్మ, "సోమవారం ఏడుకు రా. మీ సార్ వద్దు. కొలిచే మనిషిని తీసుకుని నువ్వు రా" అంది.

విషయం తెలిసి రవీంద్ర ముఖం మాడ్చుకున్నాడు. పద్నాలుగు కావలసిన చోట ఆరేనా అన్నాడు. తలుపు గార్డులు మనం చేయించేవి కావు కదా అన్నాడు. వినుత తను రాసుకున్న నోటుబుక్కు తెరిచి అతని ముందు పెట్టింది. అతను అంతా చదివాడు. చదివి చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. "మనం ఇంతకు ముందు అమ్మినవాట్లో పిన్ క్లచ్‌వి ఎన్ని ఉండాయో చూడాల" అన్నాడు చివరికి, ఆమెతో కాదు, తనలో తను అనుకున్నట్టు. ఆ వారమంతా అతను తన పాత గిరాకీలకు తనే ఫోన్లు చేశాడు.

సోమవారం కొలిచే మనిషితో వినుత వెళ్ళేసరికి, ప్రేమమ్మ షెడ్డు గుమ్మంలోనే ఎదురైంది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కాళ్ళకు బూట్లు తొడుక్కుంది. వరసగా ఒక్కో ప్రెస్సూ చూపించింది. మూడో దాని దగ్గర ఆగలేదు. కొంచెం వేగంగా దాటిపోయింది. ఆ మిషన్‌కు రెండు పక్కలా కడ్డీలు ఊడబీకిన రంధ్రాలు ఇంకా ఉన్నాయి.

ఆ రంధ్రాల పక్కన ఒకాయన నిలబడి నూనె పోస్తున్నాడు. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. మంజునాథ. ఇప్పుడు ప్రెస్సు మీద పని లేదు, షెడ్డులో మిషన్లకు నూనె పోయడం, బిగింపులు చూడడం ఆయన పని. వినుతను చూసి, "లైట్లమ్మేకి వచ్చినారా?" అని అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది.

"ఈ మిషన్‌కు కాదప్పా. దీనికి తలుపు."

"ముట్టుకుని చూడొచ్చునా, బిగించినాక?"

"నువ్వు చూసి, సరే అన్నాకే మేము పోతాము."

నెల తిరిగే సరికి, గాలి క్లచ్‌వి ఆరింటికి కొలిచిన దూరంలో లైట్లూ, పాతవాటికి ఎనిమిది తలుపులూ బిగించారు. తలుపులు ప్రేమమ్మే బెంగళూరులో హోసూరు రోడ్డులోని ఒక వర్క్‌షాపులో చేయించింది, వినుత కొలతలు తెచ్చి ఇచ్చింది. చివరి రోజు మంజునాథ ఒక్కో ప్రెస్సు దగ్గరా కూర్చున్నాడు. తలుపు సగం తెరిచి, మధ్యలో చెక్క పెట్టి పెడల్ తొక్కి చూశాడు. కదల్లేదు. తలుపు మూసి తొక్కాడు. సుత్తి దిగింది. దిగుతుండగా తలుపు లాగి చూశాడు. రాలేదు. ఎనిమిదింటికీ అలాగే చేశాడు. మూడో దాని దగ్గర మాత్రం చెక్కతో మూడుసార్లు చూశాడు. పురుషోత్తమ్ దూరంగా ఆఫీసు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. వినుత దగ్గరికి రాలేదు. ఆమె నమస్కారం పెడితే తల ఊపి లోపలికి పోయాడు.

వినుత ప్రేమమ్మను సహన గురించి అడిగింది.

"జీతం మునుపటిదే ఇస్తాండాము. మళ్ళా ఫోన్ దగ్గర కూర్చో అని చెప్పినా. వద్దనింది. అక్కడైతే ఎవరి గొంతూ నమ్మలేను, ఇక్కడ పెట్టెలే కదా అనింది. దాని ఇష్టం. నేను బలవంతం చేయను."

వెళ్ళేటప్పుడు వినుత ప్యాకింగ్ గది మీదుగా నడిచింది. సహన అట్టపెట్టె మూత అతికిస్తోంది. టేపు చివర పళ్ళతో తెంపి, ఒకసారి తలెత్తి చూసింది.

"బిగించేసినారా?"

"బిగించేసినాము. మంజునాథన్న అన్నీ చూసినాడు."

"మంచిది" అంది సహన, ఇంకో పెట్టె అందుకుంటూ.

వినుత ఇంకేదో చెప్పాలనుకుంది. లోపల ప్రెస్సులు ఒకటొకటిగా మొదలయ్యాయి. ఆ చప్పుడులో ఏం చెప్పినా వినబడదు. గుమ్మం దాటి రోడ్డు మీదికి వచ్చి, బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడింది.